రెండేళ్లు వాడాక: పాప్‌కార్న్ గింజలు పేలకపోతే తప్పు ఎవరిది?

మాది హనుమకొండ. రెండేళ్లుగా ఒకే కంపెనీ పాప్‌కార్న్ గింజలు, అర కిలో ప్యాకెట్లు కొంటున్నాను. నెలకు రెండు మూడు సార్లు చేస్తాం. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే మొదటి ఏడాది వాళ్లని తిట్టుకున్నదాంట్లో సగం తప్పు నాదే.

మొదటి ప్యాకెట్ బ్రహ్మాండంగా పేలింది. గిన్నె అడుగున ఏడెనిమిది గింజలు మిగిలితే ఎక్కువ. ఎండాకాలం వచ్చేసరికి అదే ప్యాకెట్‌లోని గింజలు గుప్పెడు గుప్పెడు మిగలసాగాయి. పేలినవి కూడా చిన్నగా, ముడుచుకున్నట్టు ఉన్నాయి. "కల్తీ సరుకు" అనుకుని ఇంకో ప్యాకెట్ తెచ్చాను. అది బాగా పేలింది. మళ్లీ రెండు నెలలకు అదే కథ.

అప్పుడు అమ్మ అడిగింది, "డబ్బా ఎక్కడ పెడుతున్నవే?" అని. స్టవ్ పక్కన అరలో, మూత వదులుగా ఉన్న స్టీలు డబ్బాలో. తొలి ఏకాదశికి పేలపిండి చేసేటప్పుడు అమ్మ ముందు రోజు రాత్రి జొన్నలకు కాస్త నీళ్లు చల్లి, గుడ్డలో మూట కట్టి పెట్టేది. పొడిగా ఉన్న జొన్న పేలదు, మాడుతుంది అనేది. అది ఎన్నిసార్లు చూసినా పాప్‌కార్న్ కూడా గింజేనని నాకు తట్టలేదు.

పేలడమంటే లోపలి నీరు చేసే పని. గింజలో 13.5 నుంచి 14 శాతం దాకా తేమ ఉంటే బాగా పేలుతుంది. వేడెక్కితే ఆ నీరు ఆవిరవుతుంది, కానీ గట్టి తొక్క దాన్ని బయటికి పోనివ్వదు. కుక్కర్‌లో లాగా ఒత్తిడి పెరుగుతూ పోతుంది. ఈలోగా లోపలి పిండి పదార్థం మెత్తబడి జావలా అవుతుంది. దాదాపు 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర తొక్క పగిలి, ఆ జావ ఒక్కసారిగా ఉబ్బి నురగలా గట్టిపడుతుంది. తేమ తక్కువైతే తొక్కను పగలగొట్టేంత ఒత్తిడి రాదు. తొక్కకు సన్నని పగులున్నా అంతే, ఆవిరి కారిపోతుంది. మామూలు మక్కలు ఇలా పేలకపోవడానికి కూడా వాటి తొక్క ఇంత గట్టిగా, ఇంత బిగుతుగా ఉండకపోవడం ఒక కారణం.

నిజంగా ఎండిపోతున్నాయా అని తేల్చుకోవడానికి రెండో ఏడాది మార్చిలో కొత్త ప్యాకెట్‌లోంచి సరిగ్గా 500 గ్రాములు తూచి అదే స్టీలు డబ్బాలో పోశాను. అప్పుడే ఇంకో ప్యాకెట్ గింజలు 100 లెక్కపెట్టి వేయిస్తే 7 పేలలేదు. డబ్బాను ముట్టుకోకుండా మే చివర్లో తూచాను. 484 గ్రాములు! తొలి తేమ 14 శాతమనుకుంటే 500 గ్రాములలో 70 గ్రాములు నీరే. అందులో 16 పోతే మిగిలింది 54, అంటే 11 శాతం పైచిలుకు. ఆ గింజలు 100 వేయిస్తే 29 పేలలేదు. మా ఎండలకు గింజలూ వడలిపోతాయన్నమాట.

పోయిన నీటిని తిరిగి పెట్టొచ్చు. మిగతా గింజలన్నీ పెద్ద గాజు సీసాలో పోసి, ఒక టేబుల్ స్పూన్, అంటే 15 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి ఊపాను. మొదటి రోజు గంటకోసారి, తర్వాత రోజుకు రెండు సార్లు ఊపితే చాలు. మొదట గింజలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, మర్నాటికి విడిపోతాయి. అప్పుడే తొందరపడి వేయించకండి, నీరు తొక్క దాటి లోపలికి వెళ్లాలి. నేను నాలుగు రోజులు ఆగాను. మళ్లీ 100 వేయిస్తే 11 మిగిలాయి. మొదటి ఏడుకు రాలేదు కానీ నాకు చాలు.

ఇంకో సీసాలో అత్యాశకు పోయి రెండు స్పూన్ల పైనే పోశాను. ఆ గింజలు పేలాయి గానీ చిన్నగా, గట్టిగా, నమిలితే సాగుతూ వచ్చాయి. తడి ఎక్కువైతే తొక్క త్వరగా లొంగిపోయి, ఒత్తిడి పూర్తిగా పెరగకముందే చిట్లుతుంది. పైగా వారానికి సీసాలోంచి ముక్కవాసన. పారేశాను.

ఇక నూనె, మంట. ఇక్కడ ప్యాకెట్ వెనక రాసిన పద్ధతి నాకు నచ్చలేదు. "కొద్దిగా నూనె" అంటారు. గుండ్రటి గింజ గిన్నెకు ఒక్క చోటే తగులుతుంది. అక్కడ మాడుతుంది, పైన చల్లగా ఉంటుంది. నూనె ఆ వేడిని గింజ చుట్టూ చేరుస్తుంది. 100 గ్రాముల గింజలకు రెండు టేబుల్ స్పూన్ల నూనె పోస్తాను, ప్రతి గింజా మెరవాలి. పల్లీ నూనె, నెయ్యి రెండూ పనికొస్తాయి. వెన్న మాత్రం వద్దు, 180 డిగ్రీలకు చేరకముందే దానిలోని పాల పదార్థం నల్లబడుతుంది.

మందపాటి అడుగున్న కుక్కర్‌ను గాస్కెట్, విజిల్ తీసేసి వాడతాను. మధ్యస్థంగా మంట పెట్టి నూనెలో మూడు గింజలు వేస్తాను. మూడూ పేలాక స్టవ్ కట్టేసి, మిగతావన్నీ వేసి కలిపి, అర నిమిషం అలా వదిలేస్తాను. గింజలన్నీ దాదాపు ఒకే వేడికి వస్తాయి, మళ్లీ మంట పెట్టగానే వరసగా టపటపమంటాయి. మూత కొంచెం తెరిచి పెట్టాలి, లేదంటే ఆవిరి లోపలే తిరిగి పేలినవి మెత్తబడతాయి. రెండు శబ్దాల మధ్య రెండు మూడు సెకన్లు పట్టిందంటే దించేయాలి. సన్నని సెగ మీద చాలాసేపు పెడితే ఆవిరి నెమ్మదిగా మొన దగ్గర నుంచి జారుకుంటుంది. పెద్ద మంట పెడితే పైపొర పగిలి లోపల గట్టి గింజ మిగులుతుంది.

మిగిలిన గింజల్ని చూస్తే తప్పెక్కడో కొంతవరకు తెలుస్తుంది. రంగు మారకుండా నున్నగా ఉంటే వేడి చాలలేదు, అలాంటివి రెండోసారి వేస్తే కొన్ని పేలతాయి. గోధుమ రంగుకు మాడి తేలికగా ఉంటే లోపల నీరు లేదు, ఎన్నిసార్లు వేసినా దండగ. వేయించకముందే పగుళ్లు కనిపించే గింజలుంటే మాత్రం అది కంపెనీ తప్పే. నా ప్యాకెట్లలో పిడికెడుకు మూడు నాలుగు వస్తున్నాయి.

రేటింగ్ అయిదుకు మూడున్నర. సగం మార్కు తగ్గించింది ఆ పగిలిన గింజలకు. మిగతా ఒకటి ప్యాకెట్‌కు. జిప్ అని పేరే గానీ మూడోసారి తెరిచేసరికి అతుక్కోదు, సగటు వంటింట్లో ఇంత ముఖ్యమైన విషయాన్ని వాళ్లు వదిలేశారు. తెచ్చిన రోజే గాజు సీసాలోకి మార్చి, స్టవ్‌కు దూరంగా, ఎండ తగలని అరలో పెట్టండి. ఫ్రిజ్‌లో వదులు డబ్బాలో పెట్టొద్దు, ఆ చల్లగాలి ఇంకా పొడి. ప్యాకింగ్ తేదీ ఆరు నెలలు దాటిన సరుకు నేనైతే తీసుకోను.

సగం పేలిన గింజలు మా అమ్మకు ఇష్టం. కరకరమంటాయని ఏరుకుని తింటుంది. పూర్తిగా పేలనివి మాత్రం పిల్లల గిన్నెలోకి వెళ్లకుండా నేను జల్లించి తీసేస్తాను, పోయినేడు వాటిలో ఒకదానికి నా దవడ పంటి మీది క్యాప్ ఊడిపోయింది.