మ్యాపా, భాషా ప్యాకా? ఫోన్లో చోటు దేనికి ఇద్దాం

ఫోన్ నిండిపోయింది, ఏం తీసేయమంటారు అని అడిగేవాళ్ళు ఫోటోల జోలికి మాత్రం రారు. చివరికి ఆఫ్‌లైన్ మ్యాపుల దగ్గరో, అనువాదం యాప్‌లో దించుకున్న భాషల దగ్గరో ఆగుతారు. పోయిన నెల నా 64 జీబీ ఫోన్‌కూ అదే గతి పట్టింది. నేను భాషల్లో చాలావాటిని తీసేసి మ్యాపులు ఉంచుకున్నాను. చోటు ఎక్కువ తినేది మ్యాపే. భాషా ప్యాకు పదుల ఎంబీల్లో ఉంటే, కాస్త పెద్ద మ్యాపు వందల్లో ఉంటుంది. అయినా అదే ఉంచాను.

కారణం గుంటూరు నుంచి శ్రీశైలం వెళ్ళినప్పుడు తెలిసింది. వినుకొండ, మార్కాపురం దాటి దోర్నాల చేరేదాకా అంతా బాగానే ఉంది. అక్కడ టీకి ఆగినప్పుడు ఫోన్ ఆఫ్ అయింది. ఛార్జింగ్ పెట్టి మళ్ళీ ఆన్ చేసి, బయలుదేరాక చూస్తే సిగ్నల్ లేదు. మ్యాపు దించుకున్నానుగా అన్న ధీమాతో తెరిచాను. నీలం చుక్క కనిపిస్తోంది కానీ దారి మాత్రం రానంటోంది.

తప్పు నాదే. నేను దించుకున్నది శ్రీశైలం చుట్టూ గీసిన చిన్న పెట్టెలో పట్టినంత మ్యాపే. గుడి వీధులు, సత్రాలు అన్నీ అందులో ఉన్నాయి, మేమున్న దోర్నాల లేదు. గూగుల్ మ్యాప్స్ ఆఫ్‌లైన్‌లో దారి చూపాలంటే బయలుదేరే చోటు, చేరే చోటు, మధ్య రోడ్డు మొత్తం దించుకున్న మ్యాపులోనే ఉండాలి. చుక్క కనిపించిందని సంబరపడకూడదు, జీపీఎస్‌కు నెట్ అక్కర్లేదు కాబట్టి సిగ్నల్ లేకపోయినా చుక్క వస్తుంది. మరి అంతకుముందు ఎన్నోసార్లు మ్యాపు దించకుండానే అడవి దాటామే అంటారా? నెట్ ఉన్నప్పుడు మొదలుపెట్టిన దారి ఫోన్లో ఉండిపోతుంది. మలుపు తప్పినా, యాప్ మూతపడినా అప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. ఆ రోజు సూచిక బోర్డులు చూసుకుంటూ వెళ్ళిపోయాం. రాత్రిపూట అటవీ గేటు మూసేస్తారు కాబట్టి టైమ్ టెన్షన్ మాత్రం తప్పలేదు.

ఇప్పుడు మ్యాపు దించేటప్పుడు "Offline maps"లోకి వెళ్ళి "Select your own map" నొక్కుతాను. పెట్టెను ఊరి చుట్టూ కాకుండా రోడ్డు పొడవునా జరుపుతాను. శ్రీశైలానికైతే మార్కాపురం లోపలికి వచ్చేలా చూస్తాను. పెట్టె జరుపుతుంటే ఎంత చోటు పడుతుందో కిందే కనిపిస్తుంది. తర్వాత మార్కాపురాన్ని బయలుదేరే చోటుగా పెట్టి, ఇంట్లోనే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో, వైఫై కూడా ఆపేసి దారి అడుగుతాను. వస్తే సరే. కారు దారి ఒక్కటే వస్తుంది, నడక దారీ ట్రాఫిక్ సంగతీ ఆఫ్‌లైన్‌లో ఆశించొద్దు. ఇంకొకటి, ఈ మ్యాపులకు గడువు ఉంటుంది. మామూలుగా వైఫై మీదే వాటంతట అవి అప్‌డేట్ అవుతాయి. ఇంట్లో వైఫై లేనివాళ్ళు ప్రయాణానికి ముందు ఆ తేదీ ఒకసారి చూసుకోవాలి.

ఇక భాషలు. నా దగ్గర హిందీ, తమిళం, కన్నడం, మరాఠీ ఉండేవి. వాటిని ఆఫ్‌లైన్‌లో ఎప్పుడు వాడానా అని ఆలోచిస్తే ఒక్కసారీ గుర్తు రాలేదు. భాష అవసరం పడేది మనుషులున్న చోట, బస్టాండులోనో హోటల్లోనో. అక్కడ దాదాపు ఎప్పుడూ సిగ్నల్ ఉంటుంది. నల్లమలలో దారి అడగడానికి మనిషి దొరకడు, టవరూ దొరకదు. నాకు ఈ ఒక్క తేడా చాలు.

తమిళం ఒక్కటి ఉంచాను, అమ్మను చూపించడానికి వేలూరు వెళ్తుంటాం కాబట్టి. ఆస్పత్రుల్లో లోపలి గదుల్లో సిగ్నల్ పడిపోతుంటుంది. తెలుగు ప్యాకు కూడా ఉండాలి సుమా, ఒక్క తమిళం దించుకుంటే తెలుగు నుంచి తమిళంలోకి మారదు. ఆఫ్‌లైన్ అనువాదం పొడవాటి వాక్యాల్లో తడబడుతుంది. "ఈ మాత్ర అన్నం తిన్నాక వేసుకోవాలా, ముందా" అని ఒకేసారి అడిగే బదులు "ఈ మాత్ర అన్నం తిన్నాక వేసుకోవాలా?" అని ముక్క చేసి అడగడం మేలు. జవాబు తలూపుడులో వచ్చేస్తుంది. మందు మోతాదు మాత్రం దాని మీద వదలకండి, చీటీ చూపించి మనిషినే అడగండి.

ఆర్గానిక్ మ్యాప్స్ లాంటివి కూడా ఉన్నాయి. అందులో నడక దారి కూడా నెట్ లేకుండానే వస్తుంది, కానీ మన వైపు దుకాణం పేరు పెట్టి వెతికితే దొరకడం తక్కువ. కొండలెక్కేవాళ్ళకు బాగుంటుంది.

మా బావమరిది వాళ్ళు వచ్చే వారం రైల్లో విశాఖ దిగి, కారులో అరకు వెళ్తున్నారు. పిల్లాడికి హిందీ ప్యాకు దించి పెట్టాడట. అది తీసేసి, విశాఖ నుంచి శృంగవరపుకోట మీదుగా ఘాట్ రోడ్డు మొత్తం పెట్టెలో పట్టేలా మ్యాపు దించమన్నాను. నిన్న రాత్రి ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి చూశాడు, దారి రాలేదు. పెట్టె అరకు చుట్టే గీశాడు.