కొటేషన్ వద్దనాలంటే ఫోనా, మెసేజా?

కొటేషన్ తెప్పించుకుని ఆర్డర్ ఇవ్వలేకపోతే ఆ మాట ఎలా చెప్పాలని పచ్చళ్ళ వ్యాపారంలో ఉన్న స్నేహితులు తరచూ అడుగుతుంటారు. మొన్న ఆగస్టులో నాకే ఆ అవసరం పడింది. కిలో సీసాలు పన్నెండు పట్టే అట్టపెట్టెలకు ఒకాయన పెట్టె 46 రూపాయల చొప్పున కొటేషన్ ఇచ్చారు. రేటు బాగానే ఉంది. కానీ కనీసం 2000 పెట్టెలు తీసుకోవాలట. మా గోడౌన్‌లో వెయ్యికి మించి చోటు లేదు. పైగా వానాకాలంలో అట్ట చెమ్మ పీల్చి మెత్తబడుతుంది, అడుగు వరుస పెట్టెలు కుంగిపోతాయి.

ఫోన్ చేస్తే మర్యాదగా ఉంటుంది, నిజమే. పదేళ్ళుగా సరుకిస్తున్న మనిషికైతే నేనూ ఫోనే చేస్తాను. కొత్తవాళ్ళతో మాత్రం అది బేరంలోకి దిగుతుంది. "ఎంతకైతే తీసుకుంటారో మీరే చెప్పండి సార్" అంటారు. మొహమాటానికి ఒక అంకె చెప్పామా, ఇరుక్కున్నట్టే. ఆయన ఆ రేటుకు ఒప్పుకున్నాక వద్దంటే మాట పోతుంది.

అందుకే నేను మెసేజ్ వైపే మొగ్గుతాను, అయితే అందులో అసలు కారణం ఉండాలి. "రేటు ఎక్కువైంది" అని రాస్తే తేలిగ్గా తప్పించుకోవచ్చు. కానీ అది నమ్మి ఆయన ఈసారి రెండు రూపాయలు తగ్గించి, మళ్ళీ 2000 పెట్టెలకే కొటేషన్ పంపుతారు. నేను ఇలా రాశాను:

"నమస్తే అండీ. మీ కొటేషన్ అందింది, శాంపిల్ పెట్టె గట్టిగా ఉంది. 2000 పెట్టెలకు మా దగ్గర చోటు లేక ఈసారి ఆర్డర్ ఇవ్వలేకపోతున్నాం. వెయ్యికి వీలయ్యే మార్గం ఉంటే చెప్పండి. ఆవకాయ సీజన్ కోసం ఫిబ్రవరిలో మళ్ళీ కొటేషన్లు అడుగుతాం, మిమ్మల్నీ అడుగుతాం."

"వచ్చే ఆర్డర్ మీకే" అని రాయలేదు, గమనించారా? కొటేషన్ అడుగుతామన్నది నిలబెట్టుకోగల మాట. వేరేవాళ్ళ రేటు కూడా బయటపెట్టలేదు. ఈరోజు వాళ్ళ రేటు ఈయనకు చెబితే, రేపు తన రేటు ఇంకొకరికి చెబుతామని ఈయనకు అర్థమైపోతుంది.

ఇక ఏమీ చెప్పకుండా ఊరుకోవడమంటారా, అది అసలు పద్ధతే కాదు. కొటేషన్ గడువు 15 రోజులుంటే ఆ లోపే చెప్పేయాలి. పేపర్ రేటు మారుతుంటుంది కాబట్టి మన జవాబు కోసం ఆయన లెక్కలు ఆగి ఉంటాయి.

నా మెసేజ్‌కు ఆయన సాయంత్రమే జవాబిచ్చారు. 2000 షరతు పెట్టె మీద మా పేరు అచ్చు వేయడానికేనట. ప్రింటింగ్ బ్లాక్ ఖర్చు, మెషిన్ సర్దే టైమ్ అంతకు తగ్గితే గిట్టదట. అచ్చు లేని పెట్టె అయితే 500 అయినా ఇస్తారట. అచ్చు బదులు స్టిక్కర్ వేసుకుంటే మాకూ సరిపోతుంది. ఫిబ్రవరిలో అడగబోయేది ఆ పెట్టెకే.