క్వాడ్ హెచ్‌డీ మానిటర్‌పై ప్లేస్టేషన్: కొన్నేళ్ల వాడకం తర్వాత సమీక్ష

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో 27 అంగుళాల క్వాడ్ హెచ్‌డీ గేమింగ్ మానిటర్ ఒకటి కొన్నేళ్లుగా పనిచేస్తోంది. పగలు అది ఆఫీసు పనికి వాడే కంప్యూటర్‌కు తెర, రాత్రి గేమ్ కన్సోల్‌కు తెర. మొదట దానికి ప్లేస్టేషన్ 4 ప్రోను, తర్వాత ప్లేస్టేషన్ 5ను కలిపాను. ఒకే తెర, ఒకే బల్ల, కూర్చునే దూరం కూడా ఒకటే. అయినా ఆ రెండు కన్సోళ్ల బొమ్మలో ఉన్న తేడా చిన్నది కాదు. ఈ సమీక్ష ఆ తేడా గురించే.

ఈ తెరలో అడ్డంగా 2560, నిలువుగా 1440 పిక్సెళ్లు ఉన్నాయి. కంప్యూటర్‌కు కలిపితే తెలుగు అక్షరాల గుణింతాలు, వత్తులు కూడా అంచు చెదరకుండా కనిపిస్తాయి. ప్లేస్టేషన్ 4 ప్రోను కలిపిన రోజుల్లో మాత్రం మెనూ అక్షరాల చుట్టూ సన్నని బూడిదరంగు పొర ఉన్నట్లు అనిపించేది. దూరంగా ఉన్న కరెంటు తీగలు, చెట్ల కొమ్మలు, మ్యాపులోని గీతలు మెత్తబడిపోయేవి. మానిటర్ బటన్ నొక్కి సమాచారపు పట్టీ తెరిస్తే, లోపలికి వస్తున్న సిగ్నల్ 1920 × 1080 అని ఉండేది. కన్సోల్ సెట్టింగ్స్‌లో 1440p అన్న వరుసే లేదు.

దీనికి కారణం ఆ కన్సోల్‌కు శక్తి చాలకపోవడం కాదు. 1440pలో దాదాపు 37 లక్షల పిక్సెళ్లు ఉంటే, ప్లేస్టేషన్ 4 ప్రో బయటకు పంపగలిగే 2160pలో, అంటే 4కెలో, దాదాపు 83 లక్షలు ఉన్నాయి. పెద్దది పంపగలిగిన యంత్రానికి మధ్యది భారం కాదు. అసలు సంగతి ఏమిటంటే, కన్సోళ్లను హాల్లోని టీవీని దృష్టిలో పెట్టుకుని తయారు చేస్తారు, టీవీల ప్రపంచం 720p నుంచి 1080pకీ, అక్కడి నుంచి నేరుగా 2160pకీ వెళ్లింది. హెచ్‌డీఎంఐ వాడుకునే టీవీ ప్రమాణంలో ప్రతి ప్రామాణిక వీడియో రూపానికీ ఒక సంఖ్య ఉంటుంది. ఆ పట్టికలో 2560 × 1440కు చోటు లేదు, అది కంప్యూటర్ మానిటర్ల ద్వారా వాడుకలోకి వచ్చిన కొలత. మానిటర్ తన సొంత కొలతను విడిగా వివరించి పంపగలదు. ఆ వివరణను చదివి, దానికి తగ్గ సిగ్నల్‌ను తయారు చేసే ఏర్పాటు కన్సోల్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటేనే అది పనికొస్తుంది.

అది సాఫ్ట్‌వేర్ నిర్ణయమేనని తర్వాతి చరిత్ర చూపించింది. ఎక్స్‌బాక్స్ వన్ ఎస్, ఎక్స్‌బాక్స్ వన్ ఎక్స్ కన్సోళ్లకు 2018లో ఒక అప్‌డేట్ ద్వారా 1440p వచ్చింది. 2020 నవంబరులో విడుదలైన ప్లేస్టేషన్ 5కు అది 2022 సెప్టెంబరు అప్‌డేట్‌లో చేరింది. రెండు చోట్లా పెట్టె లోపలి చిప్పు మారలేదు. ప్లేస్టేషన్ 4 ప్రోకు మాత్రం ఆ అప్‌డేట్ రాలేదు. దానితో క్వాడ్ హెచ్‌డీ తెర వాడేవారు 1080pతోనో, మానిటర్ ఒప్పుకుంటే 4కెతోనో సర్దుకోవాలి.

1080p బొమ్మను ఈ తెర మీద పరిచినప్పుడు ఏం జరుగుతుందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మసక పుట్టేది అక్కడే. 1080 నుంచి 1440కి వెళ్లాలంటే ప్రతి మూడు పిక్సెళ్లను నాలుగుగా సాగదీయాలి. మెనూలో ఒక్క పిక్సెల్ మందం ఉన్న తెల్లటి గీత తెర మీద ఒకటింబావు కంటే కొంచెం ఎక్కువ పిక్సెళ్లను ఆక్రమించాల్సి వస్తుంది. తెరలో పావు పిక్సెల్ అంటూ ఉండదు కాబట్టి, మానిటర్ ఒక పిక్సెల్‌ను పూర్తి తెలుపుగానూ, పక్కదాన్ని బూడిదరంగుగానూ వెలిగిస్తుంది. ఆ బూడిదరంగే అక్షరాల చుట్టూ కనిపించిన పొర. అదే 720p బొమ్మ అయితే ప్రతి పిక్సెల్ అడ్డంగా రెండు, నిలువుగా రెండు పిక్సెళ్లుగా సరిగ్గా కూర్చుంటుంది. అందులో వివరాలు తక్కువ కాబట్టి ఆటకు అది పనికిరాదు, కానీ లెక్క కుదిరితే సాగదీత వల్ల మసక రానవసరం లేదని దాన్ని బట్టి అర్థమవుతుంది.

ఆ కాలంలో నాకు కొంత ఊరటనిచ్చింది ప్లేస్టేషన్ 4 ప్రో సెట్టింగ్స్‌లో ఉండే Supersampling Mode. దాన్ని ఆన్ చేస్తే, ఎక్కువ రిజల్యూషన్‌లో గీసే ఆటలను కన్సోల్ ఆ పెద్ద బొమ్మగానే గీసి, తర్వాత 1080pకి కుదించి పంపుతుంది. మెట్లు మెట్లుగా కనిపించే వాలుగీతలు నున్నబడతాయి, కదిలేటప్పుడు ఆకుల అంచుల దగ్గర మిణుకు తగ్గుతుంది. ఆ తర్వాత మానిటర్ చేసే సాగదీత మాత్రం అలాగే ఉంటుంది కాబట్టి అక్షరాల మసక పోదు. కన్సోల్ మార్చే స్తోమత ఇప్పుడే లేనివారు దీన్ని తప్పకుండా ఆన్ చేసుకోవాలని నా అభిప్రాయం.

కొన్ని క్వాడ్ హెచ్‌డీ మానిటర్లు, తమ తెరలో అన్ని పిక్సెళ్లు లేకపోయినా, హెచ్‌డీఎంఐ ద్వారా 4కె సిగ్నల్‌ను స్వీకరించి తామే కుదించుకుంటాయి. నా మానిటర్‌కు ఆ సౌకర్యం లేదు. ఉన్నవాటిలోనూ నాణ్యత ఒక్కలా ఉండదు. మూడు పిక్సెళ్ల సమాచారాన్ని కలిపి రెండుగా చేసే మానిటర్‌లో బొమ్మ చాలా బాగుంటుంది. మధ్యలో కొన్ని వరుసలను వదిలేసే మానిటర్‌లో సన్నని అక్షరాల కాళ్లు అక్కడక్కడా తెగిపోతాయి. సమాచారపు పట్టీలో 3840 × 2160 కనిపిస్తే ఈ కుదింపు జరుగుతున్నట్లే. దాని నాణ్యత తేలాలంటే సెట్టింగ్స్‌లోని చిన్న అక్షరాలను దగ్గరగా చూడాలి.

ప్లేస్టేషన్ 5 వచ్చి, అప్‌డేట్ కూడా అందిన తర్వాత ఈ మసక పోయింది. Settings లో Screen and Video తెరిచి, Video Output కింద Resolution ను 1440pకి పెట్టాలి. అంతకుముందు Test 1440p Output అనే పరీక్ష చేయడం మంచిది. బొమ్మ సరిగా కనిపిస్తే కన్సోల్, మానిటర్ ఒకదాన్నొకటి అర్థం చేసుకున్నట్లే. ఇప్పుడు కన్సోల్ పంపే ప్రతి పిక్సెల్‌కూ తెరలో ఒక పిక్సెల్ ఉంది, మానిటర్ సాగదీయాల్సిన పని లేదు. మెనూ అక్షరాలు కంప్యూటర్‌లో కనిపించినంత స్పష్టంగా ఉన్నాయి.

అయితే ఇక్కడ రెండు వేర్వేరు సంఖ్యలను కలపకూడదు. 1440p అన్నది కన్సోల్ బయటకు పంపే కొలత. ఆట లోపల గీసే కొలత వేరు. ఒక ఆట లోపల పూర్తి 4కెలో గీస్తే, 1440pకి కుదించినప్పుడు అంచులు మరింత నున్నగా వస్తాయి. చాలా ఆటల్లో వేగానికి ప్రాధాన్యమిచ్చే మోడ్ ఎంచుకుంటే, లోపలి కొలత రద్దీని బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, ఒక్కోసారి 1440p కంటే కిందికి కూడా పోతుంది. అప్పుడు దూరపు దృశ్యం కాస్త మెత్తగా కనిపిస్తే అది మానిటర్ లోపం కాదు. నేను దీన్ని గుర్తుపట్టే తీరు ఇది: ఆటలోని పటం, ఆరోగ్యపు గీత, అక్షరాలు పదునుగా ఉండి, వెనకాల దృశ్యం మాత్రమే మెత్తగా ఉంటే కారణం ఆటే. అక్షరాలు కూడా మసకగా ఉంటే కారణం సిగ్నల్ లేదా సాగదీత.

గాజువాకలో ఉండే మా బావమరిదికి ఎదురైన ఇబ్బంది ఈ విషయంలో బాగా ఉపయోగపడుతుంది. నా దగ్గర చూసి అదే మానిటర్, అదే కన్సోల్ తీసుకున్నాడు. కొన్ని రోజులకు ఫోన్ చేసి, “బావా, నాకు 1440p రావడం లేదు, మానిటర్ వాపసు ఇచ్చేయమంటావా?” అన్నాడు. Video Output Information చదివి వినిపించమంటే 1080p మాత్రమే ఉందన్నాడు. వెళ్లి చూస్తే, కన్సోల్‌కూ మానిటర్‌కూ నడుమ ఒక చిన్న హెచ్‌డీఎంఐ స్విచ్ పెట్టె ఉంది. సెట్‌టాప్ బాక్స్‌ను, కన్సోల్‌ను ఒకే తీగ మీద నడపడానికి దాన్ని పెట్టుకున్నాడు. మానిటర్ తనకు ఏయే కొలతలు వచ్చో ఒక చిన్న పట్టికగా కన్సోల్‌కు పంపుతుంది. నడుమ ఉన్న పెట్టె ఆ పట్టికను ఉన్నదున్నట్లు అందించకుండా, టీవీలకు సరిపోయే తన సొంత పట్టికను చూపిస్తోంది. కన్సోల్ దాన్నే నమ్మింది. స్విచ్ తీసేసి, కన్సోల్‌తో వచ్చిన కేబుల్‌ను నేరుగా మానిటర్‌కు తగిలించగానే పరీక్ష నెగ్గింది. సౌండ్‌బార్ గుండా తీగ నడిపేవారికీ ఇదే జరగవచ్చు. కాబట్టి మానిటర్‌ను అనుమానించే ముందు నడుమ ఉన్నవన్నీ తొలగించి చూడాలి. అప్పటికీ రాకపోతే మానిటర్ మెనూలో హెచ్‌డీఎంఐ వెర్షన్‌ను మార్చే అమరిక ఉందేమో చూడాలి, కొన్నింటిలో అది మారిస్తే కన్సోల్‌కు వెళ్లే పట్టిక మారుతుంది.

రిఫ్రెష్ రేటు, అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మను మారుస్తుందన్న లెక్క గురించి కొనేవారు తెలుసుకోవాల్సింది ఒకటుంది. నా మానిటర్ కంప్యూటర్‌తో 165 హెర్ట్జ్ వరకు వెళ్తుంది. ప్లేస్టేషన్ 5 సాధారణంగా పంపేది 60 లేదా 120 హెర్ట్జ్ మాత్రమే. 165, 180 అన్న అంకెల కోసం పెట్టే అదనపు డబ్బు కన్సోల్‌కు ఏమీ చేయదు. డాబాగార్డెన్స్‌లోనో ద్వారకానగర్‌లోనో దుకాణంలో అడగాల్సిన ప్రశ్న వేరు: హెచ్‌డీఎంఐ పోర్టులో 1440p వద్ద 120 హెర్ట్జ్ వస్తుందా? పెట్టె మీద రాసే పెద్ద అంకె చాలాసార్లు డిస్‌ప్లేపోర్టుకు చెందినది, ప్లేస్టేషన్‌కు ఆ పోర్టే లేదు.

వెలుగు నీడల మధ్య తేడాను మరింత ఎక్కువగా చూపే హెచ్‌డీఆర్ విషయం క్లుప్తంగా చెబుతాను: నా మానిటర్ ఆ సిగ్నల్‌ను తీసుకుంటుంది గానీ, వెలుగును భాగాలుగా తగ్గించి పెంచే ఏర్పాటు దానికి లేదు. నలుపు తేలిపోతుంది. అందుకే దాన్ని ఆపేసి ఆడుతున్నాను, బొమ్మ అలాగే బాగుంది.

ఇక నాకు నిజంగా లోటుగా తోచేది వీఆర్‌ఆర్, అంటే ఆట వేగాన్ని బట్టి తెర వేగం మారే సౌకర్యం. ప్లేస్టేషన్ 5లో 1440pకి ఇది 2023లో వచ్చింది, కానీ హెచ్‌డీఎంఐ 2.1 ప్రమాణంలోని వీఆర్‌ఆర్‌ను అర్థం చేసుకునే మానిటర్‌తోనే పనిచేస్తుంది. నా మానిటర్‌కు అదే పని చేసే ఏఎండీ వారి పద్ధతి ఫ్రీసింక్ ఉంది గానీ, హెచ్‌డీఎంఐ పోర్టు 2.0 తరానిది. ఫ్రీసింక్‌ను ఎక్స్‌బాక్స్ అంగీకరిస్తుంది, ప్లేస్టేషన్ అంగీకరించదు. అందువల్ల రద్దీ సన్నివేశాల్లో వేగం 60 నుంచి కిందికి జారినప్పుడు నాకు చిన్న కుదుపు తెలుస్తుంది. ఇప్పుడు ప్లేస్టేషన్ కోసం క్వాడ్ హెచ్‌డీ మానిటర్ కొనేవారు, బడ్జెట్ అనుమతిస్తే, ఫ్రీసింక్ అన్న ముద్రతో సరిపెట్టుకోకుండా వివరాల పత్రంలో హెచ్‌డీఎంఐ వీఆర్‌ఆర్ అని విడిగా ఉందో లేదో చూసి తీసుకోవాలి.