రిఫరల్ బహుమతి: బిల్లులో తగ్గింపా, ఉచిత సర్వీసా?

చిన్న ఊరి సెలూన్‌కి కొత్తవాళ్లు ఎక్కువగా పాతవాళ్ల మాట మీదే వస్తారు. అందుకే తీసుకొచ్చినవారికీ, వచ్చినవారికీ ఏదో ఒకటి ఇవ్వాలి. ఏది ఇవ్వాలన్నదే ప్రశ్న.

బిల్లులో 20 శాతం తగ్గింపు చెప్పడం సులువు, అందరికీ వెంటనే అర్థమవుతుంది. కానీ బిల్లు 100 అనుకుంటే ఇద్దరి దగ్గరా కలిపి 40 పోతుంది. పైగా కొత్తగా వచ్చినవారి మనసులో 80 అన్నదే అసలు ధరగా నిలిచిపోతుంది. రెండోసారి 100 అడిగితే ముఖం మారుతుంది. నాకు దీని గురించే ఎక్కువ టెన్షన్.

అదే పదిహేను నిమిషాల హెడ్ మసాజ్ ఉచితంగా ఇస్తే ఖర్చయ్యేది కాస్త నూనె, ఖాళీగా ఉన్న కుర్చీ. ధర తగ్గదు. నచ్చితే తర్వాత డబ్బిచ్చి చేయించుకుంటారు కూడా. అయితే రద్దీ రోజున ఇస్తే ఆ పదిహేను నిమిషాలకు డబ్బిచ్చే కస్టమర్ బయట ఎదురుచూస్తుంటారు. కాబట్టి రద్దీ లేని రోజుల్లోనే అని రిఫరల్ కార్డు మీద ముందే రాయాలి. కటింగ్‌కి మాత్రమే వచ్చి, మసాజ్ అస్సలు ఇష్టపడనివారికి తగ్గింపే మేలు.

ఏది ఇచ్చినా, కొత్తవారు మొదటి బిల్లు కట్టాకే పాతవారి పేరు మీద బహుమతి రాయండి. కొత్తవారి ఫోన్ నంబరు మీ పుస్తకంలో ముందే ఉందేమో చూసుకోండి. అలా చూడకపోతే పాత కస్టమర్లే ఒకరి కార్డు ఒకరు మార్చుకుంటారు. మీ పుస్తకంలో కార్డులు పెరుగుతూ కొత్త నంబర్లు పెరగకపోతే జరుగుతున్నది అదే.