అన్నం తగ్గించాలా, నూనె తగ్గించాలా?

హన్మకొండలో జిమ్ముకు పోయే ఎవరిని కదిలించినా రెండు మాటలే వినిపిస్తాయి. ఒకరు "అన్నం బంద్ చెయ్యన్నా, పొట్ట దానంతటదే పోతది" అంటారు. ఇంకొకరు "నూనె మానెయ్, అన్నం తిను" అంటారు. లెక్క వేసుకోకుండా ఈ రెండింట్లో ఒకటి ఎంచుకుంటే లాభం లేదు. అసలు ఆ ప్రశ్న లెక్కలో చివరగా వచ్చేది.

ఎనభై కిలోల బరువు, అయిదడుగుల ఎనిమిది అంగుళాల ఎత్తు, ముప్పై నాలుగేళ్ల వయసున్న మనిషిని తీసుకుందాం. పగలంతా షాపులో కూర్చుంటాడు, సాయంత్రం కొంతసేపు బరువులు ఎత్తుతాడు. ఇప్పుడున్న బరువు నిలవడానికి రోజుకు దాదాపు 2400 క్యాలరీలు కావాలి. 500 తగ్గిస్తే 1900. ఈ అంకె రాసుకున్నప్పుడే పక్కన ప్రొటీన్ కూడా రాసుకోవాలి: కిలో బరువుకు 1.6 గ్రాముల చొప్పున సుమారు 130 గ్రాములు. దీన్ని శాతాల్లో పెట్టుకోవద్దు. ఇరవై అయిదు శాతం అని పెట్టుకుంటే, క్యాలరీలు 1500కు దించిన రోజు ప్రొటీన్ కూడా 94 గ్రాములకు జారుతుంది. తిండి తగ్గేకొద్దీ కండ కరిగే ప్రమాదం పెరుగుతుంది కాబట్టి ప్రొటీన్ తగ్గకూడనిది సరిగ్గా అప్పుడే.

130 గ్రాముల ప్రొటీన్ అంటే 520 క్యాలరీలు. మిగిలింది 1380. ఈ మిగులును పంచడానికి రెండు దారులున్నాయి. అన్నం దారిలో కొవ్వు 50 గ్రాములు, పిండిపదార్థం 230 గ్రాములు. నూనె దారిలో కొవ్వు 90, పిండిపదార్థం 140. క్యాలరీల్లో రెండింటి మొత్తమూ ఒకటే.

బరువు తగ్గడంలో ఏది మేలు? 2018లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు 609 మంది మీద ఏడాదిపాటు చేసిన పరీక్షలో కొవ్వు తగ్గించినవాళ్లు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థం తగ్గించినవాళ్లు 6 కిలోలు తగ్గారు. ఆ తేడా లెక్కకు నిలిచేది కాదని వాళ్లే తేల్చారు. మరి అన్నం మానేసిన మొదటి వారంలోనే రెండు కిలోలు పోయాయంటారే? అందులో ఎక్కువ భాగం నీళ్లు. పిండిపదార్థాన్ని ఒళ్లు గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది, అది ప్రతి గ్రాముతోపాటు మూడు గ్రాముల దాకా నీటిని పట్టి ఉంచుతుంది. అది ఖర్చయితే ఆ నీళ్లూ పోతాయి. ఒక పెళ్లి భోజనం తింటే తిరిగి వస్తాయి.

కాబట్టి తేల్చాల్సింది ఏ దారి మన వంటింట్లో నిలుస్తుందన్నదే. అన్నం దారిలో ఆ మనిషి రోజు తిండి చూడండి. తోలు తీసిన చికెన్ 200 గ్రాములు, మూడు గుడ్లు, పెద్ద గిన్నెడు పెరుగు, పప్పు, ఒక స్కూప్ వే ప్రొటీన్, 200 గ్రాముల బియ్యం. వీటిలోనే 37 గ్రాముల కొవ్వు ఉంది. 50కి ఇంకా మిగిలింది 13 గ్రాములు, అంటే రోజు మొత్తానికి మూడు టీ స్పూన్ల నూనె. పచ్చిపులుసు, చారుతో సరిపెట్టుకున్న రోజు పర్వాలేదు. సర్వపిండి చేసుకున్న రోజు ఆ లెక్క మధ్యాహ్నానికే దాటిపోతుంది.

ఇంట్లో నూనె వాడకం కొలవడం తేలికే. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటర్లు అయిపోతుంటే మనిషికి రోజుకు 30 గ్రాములు పడుతున్నట్టు. అందరికీ ఒకే కూర వండే ఇంట్లో 13 గ్రాములతో బతకడం కాగితం మీది మాట. అలాంటప్పుడు కొవ్వు 67 దగ్గర ఒప్పుకుని, బియ్యం 150 గ్రాములకు దించాలి. నా ఓటు దీనికే: ముందు నూనె ఎంత పడుతుందో నిజం రాసుకోండి, మిగిలిందంతా అన్నానికి ఇవ్వండి. బరువులు ఎత్తేవాళ్లకు ఆ అన్నం పనికొస్తుంది.

నూనె దారి నేను చెప్పేది హాస్టల్ మెస్‌లో తినే పిల్లలకు. కూరలో ఎంత నూనె పోశారో వాళ్ల చేతిలో లేదు, పళ్లెంలో అన్నం మాత్రం వాళ్ల చేతిలోనే ఉంది. అన్నం తింటే ఆగలేకపోయేవాళ్లకు కూడా ఇదే నయం. బియ్యం 80 గ్రాముల దాకా దించి, గుప్పెడు పల్లీలు చేరిస్తే సరిపోతుంది. శాకాహారులకు ఈ ఎంపిక సగం ముందే అయిపోతుంది, ఎందుకంటే పప్పు ప్రొటీన్‌తోపాటు దానికి రెండున్నర రెట్లకు పైగా పిండిపదార్థం తెస్తుంది. వాళ్లు పప్పును పిండిపదార్థం ఖాతాలో కూడా రాసుకోవాలి. షుగర్ మందులు వాడేవాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడిగే ఏదైనా మార్చాలి.

రోజూ పొద్దున్నే బరువు చూసి వారం సగటు తీయండి. వారానికి 400 గ్రాముల చుట్టూ తగ్గుతుంటే లెక్క కుదిరినట్టే. మూడు వారాలు సగటు కదలకపోతే ముందు నూనె మళ్లీ కొలవండి. అది సరిగ్గానే ఉంటే బియ్యం 50 గ్రాములు తగ్గించండి, రోజుకు 175 క్యాలరీలు పోతాయి. ప్రొటీన్ జోలికి పోవద్దు.