పై షాటా, పక్క షాటా? పప్పు తాలింపు వీడియోకి ఏది మేలు

టమాటా పప్పు వీడియోలో చూసేవాళ్లు ఆగేది తాలింపు దగ్గరే. ఆ అర నిమిషానికి పక్కనుంచి దగ్గరగా తీసిన షాటే మేలు. కోతలు, కొలతలు, కుక్కర్‌లో పప్పు వేయడం, చివరన కంచం నిండా భోజనం వడ్డించడం, ఇవన్నీ పైనుంచి తీస్తేనే బాగుంటాయి.

పైనుంచి చూస్తే పరిచిన వస్తువులన్నీ ఒకేసారి, అడ్డం లేకుండా కనిపిస్తాయి. ఎన్ని టమాటాలు, ఎంత కారం అన్నది మాటల్లేకుండానే తెలిసిపోతుంది. తాలింపు సంగతి వేరు. ఆవాలు పైకి ఎగురుతాయి, పొగ పైకి లేస్తుంది. నిట్టనిలువుగా పైనున్న కెమెరాకి అవి ఎదురుగా వస్తాయి కాబట్టి ఎగిరినట్టే కనపడవు. పైగా ఆవిరి లెన్స్‌కీ మూకుడుకీ మధ్య పొరలా పరుచుకుని రంగులు వెలిసిపోతాయి. నూనె తుంపర లెన్స్ మీద పడితే మెరుపులన్నీ అలుక్కుపోయినట్టు వస్తాయి. పైగా కింది వేడికి ఫోన్ కాగిపోయి మధ్యలో రికార్డింగ్ ఆగిపోవచ్చు కూడా.

పక్క షాట్‌కి మూకుడు అంచు కంటే కొంచెం ఎత్తులో, 35 నుంచి 40 సెంటీమీటర్ల దూరంలో ఫోన్ పెట్టి 2x వాడండి. 1xలో ఇంకా దగ్గరకి తోస్తే రెండు చిక్కులు: చిట్లిన నూనె లెన్స్ మీద పడుతుంది, కొన్ని ఫోన్లు మాక్రో కోసం తమంతట తామే వేరే లెన్స్‌కి మారి బొమ్మ ఒక్కసారిగా గెంతుతుంది. ఆ ఆటో మాక్రోని ముందే ఆపేయాలి. కిటికీ వెలుతురు మూకుడు వెనకనుంచో పక్కనుంచో రావాలి, వెనక గోడ ముదురు రంగులో ఉండాలి. తెల్ల టైల్స్ ముందు ఆవిరి ఎంత లేచినా కనపడదు. మూకుడు లోతుగా ఉంటే లోపలి సరుకంతా అంచు చాటున పడుతుంది కాబట్టి తాలింపుకి పోపు గరిటో, అంచు తక్కువున్న చిన్న బాండీయో తీసుకోండి.

ఇక శబ్దం. నెట్‌లో దొరికే చుర్రుమనే శబ్దం అతికించడం తేలికే కానీ, ఆవాల చిటపట మీద ఏదో వేపుడు శబ్దం పడితే వంట వచ్చినవాళ్లకి వెంటనే తెలిసిపోతుంది. రెండో ఫోన్‌నో వైర్ మైక్‌నో మూకుడుకి పక్కగా, ఆవిరి తగలకుండా జానెడున్నర దూరంలో పెట్టి అసలు శబ్దాన్నే పట్టండి. దూరం సగమైతే చిటపట సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, ఫ్యాన్ రొద మాత్రం పెరగదు. ఫ్యాన్, చిమ్నీ ఆ అర నిమిషం ఆపేయండి. రికార్డింగ్ మొదలవగానే గరిటెతో గట్టు మీద ఒక్కసారి టక్కుమనిపిస్తే ఆ చప్పుడు ఆధారంగా బొమ్మనీ శబ్దాన్నీ కలుపుకోవచ్చు.

శబ్దం స్థాయి ఆవాలతో సరిచూసుకుంటే మోసపోతారు. అన్నిటికంటే పెద్ద చప్పుడు కరివేపాకుది. ఆకు మీది తడి కాగిన నూనెలో ఒక్కసారిగా ఆవిరై పేలుతుంది, అక్కడే శబ్దం పగులుతుంది. ముందు ఒకటి రెండు రెబ్బలు వేసి చూసి, ఆ చప్పుడు రికార్డింగ్ మీటర్‌లో -12 డెసిబెల్స్ దగ్గర ఉండేలా పెట్టుకోండి. మరీ తడి ఆకు వేయొద్దు, నూనె చిందుతుంది. గుడ్డతో అద్దిన ఆకుకి కూడా చాలినంత చప్పుడు వస్తుంది.

పై షాట్ పాడయ్యేది ఎక్కువగా స్టాండ్ దగ్గరే. కత్తిపీటో చెక్కో ఉన్న గట్టుకే స్టాండ్ బిగిస్తే ప్రతి కోతకీ ఫ్రేమ్ అదురుతుంది. స్టాండ్ నేల మీద ఉండాలి, అడ్డకడ్డీకి రెండో కొసన బరువు వేలాడాలి. ఫోన్‌ని నేరుగా కిందకి చూపిస్తే అది నిలువో అడ్డమో తేల్చుకోలేదు, అందుకే నిటారుగా ఉన్నప్పుడే రికార్డింగ్ మొదలుపెట్టి తర్వాత వంచండి. గట్టు అంచు ఫ్రేమ్ అంచుకి సమాంతరంగా ఉందో లేదో గ్రిడ్ గీతలతో చూసుకోండి. ఫోకస్‌ని, వెలుతురుని వేలితో నొక్కి లాక్ చేయకపోతే చెయ్యి లోపలికి వచ్చినప్పుడల్లా బొమ్మ మసకబారి తేరుకుంటుంది.

వడ్డన ఎటు నుంచి తీయాలో పాత్రను బట్టి ఉంటుంది. అరిటాకో కంచమో నిండుగా ఉంటే పైనుంచి. పప్పు ఒక్క గిన్నెలోనే ఉంటే 45 డిగ్రీల పక్కనుంచి, ఎందుకంటే పైనుంచి అది ఒట్టి పసుపు వృత్తంలా కనపడుతుంది. గిన్నెకి అంచు కింద వేలెడు ఖాళీ వదిలి, తడిగుడ్డతో అంచు తుడిచాక కెమెరా అంతా సిద్ధం చేసుకోండి, తాలింపు ఆ తర్వాతే పోయండి. ముందే పోస్తే పప్పు మీద మీగడలా పొర కడుతుంది, నెయ్యి మెరుపు పోతుంది. అరిటాకు ఫ్రేమంతా పరుచుకుంటే ఆటో వైట్ బ్యాలెన్స్ ఆ ఆకుపచ్చని తగ్గించబోయి తెల్లన్నానికి గులాబీ ఛాయ తెస్తుంది. ఆకు పరిచేముందే తెల్ల కాగితం మీద వైట్ బ్యాలెన్స్ లాక్ చేసుకోండి.