కజ్జికాయ అంచు: చెక్కతో నొక్కాలా, చేత్తో అల్లాలా?

పోయిన దసరాకి మా ఇంట్లో ఒకే పిండి, ఒకే కొబ్బరి లౌజుతో సగం కజ్జికాయలు చెక్కలో, సగం చేత్తో చేశాం. చెక్కలో నొక్కిన పన్నెండింట్లో మూడు నూనెలో విచ్చుకున్నాయి. చేత్తో అల్లిన పన్నెండింట్లో ఒక్కటే. అదీ నేను చేసిందే, అత్తయ్యవి ఒక్కటీ విడలేదు.

పిండి మామూలుదే. రెండు గ్లాసుల మైదా, చిటికెడు ఉప్పు, రెండు చెంచాల వేడి నెయ్యి. పూరీ పిండి కంటే కాస్త మెత్తగా కలిపి అరగంట నాననిచ్చాం. లౌజుకి రెండు కప్పుల పచ్చికొబ్బరి కోరు, కప్పు బెల్లం. ఉండ చేస్తే నిలబడేదాకా దగ్గర పడనిచ్చి పూర్తిగా చల్లార్చాం. ఇంత చేసినా పచ్చికొబ్బరిలో కొంత తడి ఉంటుంది. నూనెలో పడగానే ఆ తడి ఆవిరై బయటికి దారి వెతుక్కుంటుంది. అంచు ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడే విడుతుంది.

చెక్క తప్పంతా దాని మడతలో ఉంది. పూరీ పరిచి, లౌజు పెట్టి, రెండు రెక్కలూ మూసేటప్పుడు లౌజు అంచువైపు జరుగుతుంది. రెండు పొరల మధ్య ఒక్క కొబ్బరి తురుము చిక్కినా అక్కడ అంటదు. పైగా పిండి పట్టేయకుండా చెక్కకి నూనె రాస్తాం కదా, అది అంచుకి అంటితే ఎంత గట్టిగా నొక్కినా రెండు పొరలూ కలవవు. మా మూడూ విడింది మూలల్లోనే, అంటే చెక్క మడిచే చోటుకి దగ్గరగా. అక్కడ పళ్ల పట్టు సరిగా అందదు. అందుకే చెక్కలోంచి తీశాక రెండు మూలల్నీ మళ్లీ వేళ్లతో నొక్కాలి. చెక్కకి నూనె బదులు పొడి మైదా చల్లి దులిపేస్తే ఇంకా మంచిది. లౌజు కూడా పెద్ద చెంచాడుకి మించకూడదు.

చేతి అల్లికలో అంచు రెండుసార్లు మూతపడుతుంది. పూరీని సగానికి మడిచి, ముందు కడుపు దగ్గర్నుంచి అంచువైపు వేలితో నొక్కుతూ లోపలి గాలి బయటికి పంపాలి. అంచుని అర అంగుళం వెడల్పున అతికించి, ఒక కొస నుంచి కొద్దికొద్దిగా పైకి మలుస్తూ, ప్రతి మలుపునీ ముందు మలుపు మీద నొక్కుతూ రావాలి. చివరి కొసని కిందికి మడిచి అదమాలి. నాది విడిపోయింది ఇక్కడే. ఆ కొసని ఊరికే అలా వదిలేశాను. కింద అతుకు వదిలినా పైన మలుపు పట్టి ఉంచుతుంది, ఇదే దీని బలం. ఇబ్బందులూ ఉన్నాయి. అంచు మందమవుతుంది కాబట్టి మంట తగ్గించి నిదానంగా వేయించకపోతే అక్కడ పచ్చిగా ఉండిపోతుంది. చెక్కతో ఒకటి చేసే సమయానికి రెట్టింపు పడుతుంది.

అతికించడానికి నీళ్లా, పాలా, మైదా పేస్టా అని అడుగుతుంటారు. పిండి మెత్తగా ఉంటే నీళ్లే చాలు. తడి వేలితో సగం అంచుకి మాత్రమే పలచగా రాయాలి. ఎక్కువైతే అంచు జారుతుంది, నూనె చిటపటలాడుతుంది. పూరీలు ముందే ఒత్తి పెట్టడంతో అంచులు ఆరిపోతే మైదా పేస్టు పనికొస్తుంది. పాలు రాస్తే అంచు తొందరగా ఎర్రబడుతుంది, అంతకుమించి నాకు తేడా కనపడలేదు.

చెక్క చేతిలో ఉంటే వేగంగా పని సాగుతుంది, దాంతో ఇరవై ముప్ఫై ఒకేసారి పేర్చి పెట్టేస్తాం. ఈలోగా బెల్లం తడి కింది పొరని నానబెడుతుంది. అప్పుడు కజ్జికాయ అంచు దగ్గర కాదు, పొట్ట దగ్గర చీలుతుంది. అలా చీలిందంటే తప్పు అతుకుది కాదు: పూరీ నానిందో, మరీ పలచనైందో, నూనె మరీ కాగిందో చూసుకోవాలి. ఏడెనిమిది చేయగానే వేయించేయడం మేలు. పిండి ముక్క వేస్తే నిదానంగా పైకి తేలేంత వేడి చాలు.

నా లెక్కలో పచ్చికొబ్బరి లౌజుకి చేతి అల్లికే. ఎండుకొబ్బరి పొడి, పుట్నాలు, పంచదార కలిపిన పొడి పూర్ణానికి చెక్క హాయిగా సరిపోతుంది. తడి లేదు, ఆవిరి తక్కువ. పొద్దున్నే వంద చేయాల్సి వస్తే నేనూ చెక్కే తీస్తాను.

వేగుతున్నప్పుడు ఏదైనా కజ్జికాయ అంచులో ఒకేచోట నుంచి బుడగలు ధారగా వస్తుంటే అది విడబోతోందని అర్థం. వెంటనే జల్లిగంటెతో తీసేయండి. లౌజు నూనెలో పడితే బెల్లం మాడి నల్లనలుసులై మిగతావాటికీ అంటుకుంటుంది, నూనె వడకట్టకుండా తర్వాతి వాయి వేయలేరు.